స్మూతెనింగ్ చేయించుకున్న పార్లర్‌పై సమీక్ష రాయడం ఎలా

పార్లర్ నుంచి ఇంటికి రాగానే, అద్దం ముందు నిలబడిన సంతోషంలో రాసే సమీక్ష చదివేవారికి పెద్దగా ఉపయోగపడదు. స్ట్రెయిట్‌నర్‌తో పాయ పాయగా లాగి, పైన సీరం రాసి పంపితే ఎలాంటి జుట్టయినా ఆ రోజు నున్నగానే ఉంటుంది. వెంట్రుకలోని కొన్ని బంధాలు వేడికి తాత్కాలికంగా మారతాయి, తేమ తగలగానే మళ్లీ పాత ఆకారానికి వస్తాయి. విశాఖపట్నంలో గాలిలోనే ఆ తేమ ఉంటుంది కనుక, సిరిపురంలో ఏసీ గదిలో కనిపించిన నునుపు ఆర్.కె. బీచ్‌లో అరగంట నడిచేసరికి ఎంత మిగిలిందో చూడకుండా ఫలితం గురించి మాట్లాడలేం. అందుకే స్మూతెనింగ్, కెరాటిన్ వంటి ఖరీదైన పనుల గురించి సమీక్షను మూడు విడతలుగా రాయమని చెబుతాను. శుభ్రత, ధర, పనితనం గురించి ఆ రోజు రాత్రే రాసి పెట్టుకోవాలి. ఇంట్లో మొదటిసారి తలస్నానం చేశాక ఫలితం గురించి రాయాలి. ఆరేడు వారాల తర్వాత, ఇచ్చిన మాట నిలిచిందా లేదా అన్నది రాయాలి.

గత కార్తీక మాసంలో మా మేనకోడలి పెళ్లికి ముందు నేను నగరంలోని ఒక పార్లర్‌లో స్మూతెనింగ్ చేయించుకున్నాను. ఆ పార్లర్ పేరు ఇక్కడ చెప్పడం లేదు. నేను ఏం గమనించాను, ఏం గమనించలేకపోయాను అన్నది మాత్రం వరుసగా చెబుతాను.

వెళ్లే ముందే రాసి పెట్టుకోవలసినవి

సమీక్షలో "చెప్పినట్టు చేయలేదు" అని రాయాలంటే వారు ఏం చెప్పారో ముందు మన దగ్గర ఉండాలి. ఫోన్‌లో అడిగిన మాటలు మరుసటి రోజుకే కరిగిపోతాయి. కాబట్టి ఫోన్ పెట్టేసిన వెంటనే వాట్సాప్‌లో వారికే ఒక సందేశం పంపండి. "నడుము పైవరకు ఉన్న జుట్టుకు స్మూతెనింగ్ 4,500 రూపాయలని చెప్పారు, ఆరు నెలలు ఉంటుందన్నారు, సరేనా?" అని అడిగితే చాలు. వారు "అవును మేడమ్" అని రాస్తే, ఇచ్చిన మాట అక్షరాలలో ఉన్నట్టే. నేను ఈ పని చేయలేదు. ఫోన్‌లో 4,500 అన్నది కుర్చీలో కూర్చున్నాక 6,500 అయింది. జుట్టు పొడవును బట్టి ధర మారుతుందనడంలో తప్పేమీ లేదు, చాలా పార్లర్లలో భుజాల వరకు ఒక ధర, వీపు మధ్య వరకు ఒక ధర, నడుము వరకు ఒక ధర ఉంటుంది. కానీ ఫోన్‌లో నా జుట్టు పొడవు ఎంతో వారు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ మాట సమీక్షలో నిజాయతీగా రాయవలసి వచ్చింది.

ధర కన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. వారు చేయబోయేది అసలు ఏ పని? పార్లర్లలో స్మూతెనింగ్, స్ట్రెయిట్‌నింగ్, కెరాటిన్, బొటాక్స్ అనే మాటలను ఒకదానికి బదులు ఒకటిగా వాడేస్తున్నారు. వెంట్రుకకు జరిగే పనిని బట్టి చూస్తే ఇవి ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకంలో ఒక క్రీము వెంట్రుక లోపలి గంధక బంధాలను తెంచుతుంది. దాన్ని కడిగి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసినట్టు నిటారుగా లాగాక, న్యూట్రలైజర్ అనే రెండో క్రీముతో ఆ బంధాలను కొత్త ఆకారంలో తిరిగి కలుపుతారు. ఈ పని జరిగిన వెంట్రుక మళ్లీ ఉంగరం తిరగదు, కొత్తగా కుదుళ్ల నుంచి వచ్చే జుట్టు మాత్రమే పాత తీరులో పెరుగుతుంది. రెండో రకంలో ఒకే ద్రావణం రాసి, వేడితో వెంట్రుకకు పట్టిస్తారు. ఇది చాలావరకు పైపూత వంటిది, తలస్నానాలతో కొద్దికొద్దిగా పోతుంది. రెండింటిలో దేనిని ఎంచుకున్నా తప్పు లేదు. మొదటి దాని పేరు చెప్పి రెండో దాన్ని చేయడం మాత్రం తప్పు. చదివేవారికి మీరు చెప్పగలిగే అతి విలువైన విషయం కూడా ఇదే.

దీన్ని గుర్తుపట్టడానికి రసాయన శాస్త్రం అక్కరలేదు. ఇస్త్రీ అయిపోయాక రెండో క్రీము రాసి, కాసేపు ఉంచి, తలను మళ్లీ కడిగారా లేదా అన్నది చూస్తే చాలు. కడిగితే చాలావరకు మొదటి రకం. ఇస్త్రీ చేసి అలాగే పంపి, "మూడు రోజులు తల తడపకండి" అన్నారంటే, అది రెండో రకం అయి ఉండే అవకాశం ఎక్కువ. వీలైతే సీసా లేదా ట్యూబు లేబుల్‌ను ఫొటో తీసుకోండి. అడిగితే చూపించని పార్లర్ గురించి, అడిగామనీ చూపించలేదనీ రాయండి, అంతకు మించి ఊహించి రాయకండి.

బయలుదేరే ముందు ఒక ఫొటో కూడా తీసుకోవాలి. నూనె లేకుండా, తలస్నానం చేసి ఆరిన జుట్టుతో, పగటి వెలుతురులో, ఇంట్లో ఒకే చోట నిలబడి వెనుక నుంచి తీయించుకోండి. తర్వాతి ఫొటోలన్నీ అక్కడే, అదే వేళకు తీయాలి. పార్లర్‌లో గుండ్రటి దీపం ముందు తీసి ఇచ్చే ఫొటోను మీ ఫొటోతో పోల్చకండి.

కుర్చీలో కూర్చున్నప్పుడు చూడవలసినవి

శుభ్రత గురించి రాసేటప్పుడు "నీట్‌గా ఉంది" అన్న మాటకు అర్థం లేదు. నేలపై టైల్స్ మెరవడానికి, మన తలకు తగిలే వస్తువులు శుభ్రంగా ఉండడానికి సంబంధం లేదు. జుట్టు పనిలో తలకు తగిలేవి నాలుగే: దువ్వెన, టవల్, మెడకు కట్టే గుడ్డ, తల కడిగే తొట్టి అంచు. వాటిని మాత్రమే చూడండి.

నా తలకు పట్టిన దువ్వెన పళ్ల మొదట్లో ఒక వెంట్రుక చిక్కుకుని ఉంది. సగం తెలుపు, సగం గోరింటాకు ఎరుపు. నా జుట్టుకు నేను ఎన్నడూ గోరింటాకు పెట్టలేదు. అంటే నాకన్నా ముందు ఎవరికో వాడి, తీసి పక్కన పెట్టిన దువ్వెన అది. నేను చూపించగానే ఆ అమ్మాయి "సారీ మేడమ్" అని, గోడకు ఉన్న నీలి దీపాల పెట్టెలో నుంచి ఇంకొకటి తీసింది. ఆ పెట్టెలో దువ్వెనలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. క్రిములను చంపే ఆ దీపపు కాంతి నేరుగా పడిన చోట మాత్రమే పని చేస్తుంది, నీడలో ఉన్న పళ్లకు, మురికి పట్టిన చోటికి చేరదు. దువ్వెన శుభ్రమయ్యే పద్ధతి వేరు. ముందు వెంట్రుకలు తీసేయాలి, తర్వాత సబ్బు నీటితో కడగాలి, ఆ తర్వాత క్రిమిసంహారక ద్రావణంలో దాని లేబుల్ మీద చెప్పినంత సేపు, సాధారణంగా పది నిమిషాలు, పూర్తిగా మునిగేలా ఉంచాలి. వెంట్రుకలతో సహా ముంచితే ఆ ద్రావణం కూడా పాడవుతుంది. కౌంటర్ మీద నీలం రంగు ద్రావణం ఉన్న సీసా కనిపిస్తే సంతోషించే ముందు, అది నిర్మలంగా ఉందా, అడుగున వెంట్రుకలు పేరుకున్నాయా అన్నది కూడా చూడండి.

సమీక్షలో నేను ఇలా రాశాను: "మొదట ఇచ్చిన దువ్వెనలో వేరేవారి వెంట్రుక ఉంది. చెప్పగానే మార్చారు. టవల్ ఉతికినదే, పొడిగా ఉంది." మంచిదీ చెడ్డదీ రెండూ పక్కపక్కన ఉంటేనే చదివేవారు మన మాటను నమ్ముతారు.

గాలి ఆడే వీలు ఉందా అన్నది కూడా శుభ్రతలో భాగమేనని నా అభిప్రాయం. కొన్ని స్మూతెనింగ్ ద్రావణాలను వేడి చేసినప్పుడు ఫార్మాల్డిహైడ్ అనే వాయువు వెలువడుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థంగా 2004లోనే వర్గీకరించింది. రోజూ అదే గదిలో పని చేసే అమ్మాయిలకు మనకన్నా ఎక్కువ ప్రమాదం. నా జుట్టును ఇస్త్రీ చేస్తున్నంత సేపూ కళ్లు మండి నీళ్లు కారాయి. కిటికీలు మూసి ఉన్నాయి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్నా తిరగడం లేదు. అది ఏ వాయువో నాకు ఖచ్చితంగా తెలియదు కనుక సమీక్షలో ఆ పేరు రాయలేదు. "ఇస్త్రీ చేసిన ముప్పావు గంటసేపు కళ్లు మండాయి, ఫ్యాన్ వేయమని అడిగాక వేశారు" అని మాత్రం రాశాను. మన ఒంటికి తెలిసినదాన్ని రాస్తే ఎవరూ కాదనలేరు.

పనితనాన్ని అంచనా వేయడానికి చేతి వేగం చూడనవసరం లేదు. మొదలుపెట్టే ముందు వారు అడిగిన ప్రశ్నలు చూడండి. ఇంతకు ముందు రంగు వేశారా, గోరింటాకు లేదా నల్ల హెన్నా పెట్టారా, గతంలో ఇలాంటి పని ఎప్పుడు చేయించుకున్నారు, తల మీద పుండ్లు ఉన్నాయా అన్న నాలుగూ అడగని చేతికి జుట్టు అప్పగించడం ప్రమాదకరం. కొన్ని నల్ల హెన్నా పొడుల్లో లోహ లవణాలు ఉంటాయి, న్యూట్రలైజర్‌లోని పెరాక్సైడ్‌తో అవి కలిస్తే వెంట్రుక వేడెక్కి తెగిపోవచ్చు. పని తెలిసినవారు తడి వెంట్రుకను ఒకదాన్ని వేళ్ల మధ్య మెల్లగా సాగదీసి చూస్తారు. ఆరోగ్యంగా ఉన్నది కొంత సాగి తిరిగి వస్తుంది, దెబ్బతిన్నది సాగి అలాగే ఉండిపోతుంది లేదా పుటుక్కున తెగుతుంది. క్రీమును కుదుళ్లకు ఆనించకుండా ఒక సెంటీమీటరు దూరం నుంచి రాస్తారు. నా విషయంలో గోరింటాకు గురించి ఒక్క ప్రశ్న అడిగారు, సాగదీసి చూడలేదు. క్రీము మాత్రం కుదుళ్లకు దూరంగానే, చాలా సన్నని పాయలు తీసి, ఓపికగా రాశారు. ఆ అమ్మాయి చేయి మంచిదే, ఆమెకు నేర్పినవారు సగమే నేర్పారు. సమీక్షలో ఆమె పేరు రాయలేదు. మెచ్చుకోలు అయితే పేరు రాయవచ్చు గానీ, తప్పు ఉన్నప్పుడు నెల జీతానికి పని చేసే మనిషి పేరు బయట పెట్టకూడదని నేను అనుకుంటాను. బాధ్యత పార్లర్‌ది.

బిల్లు దగ్గర

డబ్బు కట్టే ముందు బిల్లులోని ప్రతి వరుసను చదవండి. నా బిల్లులో సేవకు 6,500 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్‌టీ 1,170 రూపాయలు, మొత్తం 7,670 అని ఉంది. సెలూన్, బ్యూటీ పార్లర్ సేవలపై జీఎస్‌టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అది తగ్గి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. నేను అడిగితే కౌంటర్‌లోని ఆవిడ "సిస్టమ్‌లో ఇంకా మార్చలేదండీ" అని, పాత బిల్లు రద్దు చేసి 325 రూపాయల పన్నుతో 6,825కు కొత్త బిల్లు ఇచ్చారు. తేడా 845 రూపాయలు. ఇది కూడా సమీక్షలో రాశాను, అడిగితే సరిచేశారన్న మాటతో సహా.

పన్ను వసూలు చేసే బిల్లు మీద పార్లర్ జీఎస్‌టీ నంబరు ఉండాలి. అది పదిహేను అక్షరాల నంబరు, ఆంధ్రప్రదేశ్‌లో నమోదైనదైతే 37తో మొదలవుతుంది. నమోదు చేసుకోని చిన్న పార్లర్లు జీఎస్‌టీ పేరుతో ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. నంబరు లేకుండా పన్ను వరుస కనిపిస్తే అడగండి. షాంపూ, సీరం వంటివి కొనమన్నప్పుడు, అవి వాడకపోతే ఫలితం నిలవదని చెప్పారా, ఆ మాట పనికి ముందు చెప్పారా తర్వాత చెప్పారా అన్నది గమనించండి. తర్వాత చెప్పి ఉంటే దాని ఖర్చును కూడా మొత్తం ధరలో కలిపి రాయడమే న్యాయం.

ఇంట్లో మొదటి తలస్నానం తర్వాత

వారు చెప్పినన్ని రోజులు ఆగి, వారు చెప్పిన షాంపూతోనే తలస్నానం చేయండి. మన వైపు నుంచి నియమం తప్పితే సమీక్షకు బలం ఉండదు. సీరం రాయకుండా, డ్రయ్యర్ వాడకుండా, గాలికే ఆరనివ్వండి. ఆరాక మొదటి ఫొటో తీసిన చోటే ఫొటో తీసుకోండి. తర్వాత తేమ ఉన్న సాయంత్రం చూసి, జుట్టు విరబోసుకుని సముద్రం ఒడ్డున కాసేపు నడవండి. ఆర్.కె. బీచ్ దూరమైతే డాబా మీద గంటసేపు కూర్చున్నా సరిపోతుంది. నా జుట్టు ఆ పరీక్షలో బాగానే నెగ్గింది. చెవుల దగ్గర కొద్దిగా లేచినా, మిగతాదంతా నున్నగానే ఉంది. రెండో విడత సమీక్షలో ఆ మాటే రాశాను. అప్పటికి నేను సంతోషంగా ఉన్నానని చెప్పడానికి సందేహం లేదు.

ఈ దశలో రాలే జుట్టును కూడా చూడాలి. రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం మామూలే, కాబట్టి దువ్వెనలో జుట్టు కనిపించగానే పార్లర్ మీద నింద వేయకూడదు. రాలిన వెంట్రుకలను తెల్ల కాగితం మీద పరిచి చివరలు చూడండి. ఒక చివర చిన్న తెల్లని బుడిపె ఉంటే అది కుదురుతో సహా సహజంగా రాలినది. బుడిపె లేకుండా, పొట్టి పొట్టి ముక్కలుగా ఉంటే అవి మధ్యలో తెగినవి. తెగడానికి రసాయనం లేదా అతి వేడి కారణం కావచ్చు. నాకు దొరికిన ఇరవై వెంట్రుకలలో పదహారింటికి బుడిపె ఉంది. అందుకే "జుట్టు పెద్దగా తెగలేదు" అని ధైర్యంగా రాయగలిగాను.

ఏడు వారాల తర్వాత

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే ఏడు వారాలకు కుదుళ్ల దగ్గర ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల కొత్త జుట్టు ఉంటుంది. అది వంకీలు తిరిగి ఉన్నంత మాత్రాన పార్లర్ మాట తప్పినట్టు కాదు. ఆ కొత్త భాగాన్ని వదిలేసి, దాని కింద ఉన్న పాత జుట్టును చూడండి. పాయను తడిపి, గాలికి ఆరనిచ్చి, కొలబద్ద పక్కన ఉంచండి. రెండు సెంటీమీటర్ల కింద నుంచి చివరి దాకా నిటారుగా ఉంటే, బంధాలు మార్చే శాశ్వత పని జరిగి ఉండే అవకాశం ఎక్కువ. పాయ మొత్తం పైనుంచి కిందిదాకా వంకీలు తిరిగితే, జరిగింది పైపూత మాత్రమే అయి ఉండవచ్చు. మొదటి రకం పని సరిగ్గా జరగకపోయినా ఇలాగే కావచ్చు కనుక, న్యూట్రలైజర్ వేశారా లేదా అన్న మన పాత గుర్తు ఇక్కడ అక్కరకు వస్తుంది.

నా జుట్టు పాయ మొత్తం వంకీలు తిరిగింది. ఆ రోజు రెండో క్రీము వేయలేదనీ, తల కడగకుండా పంపారనీ నా చీటీలో ఉంది. అప్పుడు సమీక్షకు చివరి భాగం ఇలా చేర్చాను: "పర్మనెంట్ స్మూతెనింగ్ అని, ఆరు నెలలు ఉంటుందని నోటి మాటగా చెప్పారు. ఇస్త్రీ తర్వాత న్యూట్రలైజర్ వేయలేదు. వారు చెప్పిన షాంపూతో వారానికి రెండుసార్లు తలస్నానం చేశాను. ఏడు వారాలకు కుదుళ్ల దగ్గరే కాక, జుట్టు పొడవునా వంకీలు తిరిగి వచ్చాయి. జుట్టు పెద్దగా తెగలేదు. ఖర్చు 6,825 రూపాయలు. ఆరు నెలల కోసం చేయించుకునేవారు ఏ పని చేస్తున్నారో లేబుల్ చూసి అడగండి. ఒక పెళ్లి కోసం, రెండు నెలల కోసం అయితే పని బాగుంది." ఇందులో "మోసం" అన్న మాట లేదు. వారి ఉద్దేశం నాకు తెలియదు. జరిగినది రాస్తే మోసమో కాదో చదివేవారే నిర్ణయించుకుంటారు, మన మీద కూడా ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఈ చివరి భాగాన్ని బయట పెట్టే ముందు పార్లర్‌కు ఒకసారి వెళ్లి, బిల్లు, ఫొటోలు చూపించి, వారి జవాబు వినండి. ఆ జవాబును కూడా సమీక్షలో ఒక వాక్యంగా చేర్చండి. జుట్టు తెగిపోవడం, తల మీద చర్మం కాలడం వంటి నష్టం జరిగి, వారు పట్టించుకోకపోతే, సమీక్షతో ఆగిపోనక్కరలేదు. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు, నష్టం జరిగిన రోజు నుంచి రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అప్పుడు బిల్లు, వాట్సాప్ సందేశం, తేదీలున్న ఫొటోలే మీ సాక్ష్యాలు.

పార్లర్ వారు సాధారణంగా ఇచ్చే జవాబు ఉచితంగా మళ్లీ చేస్తామని. నాకూ అదే చెప్పారు. "ఈసారి స్ట్రాంగ్‌ది వేద్దాం మేడమ్" అన్నారు ఆ పార్లర్ యజమానురాలు. ఏడు వారాల వ్యవధిలో అదే జుట్టు మీద ఇంకో రసాయనం, అదీ ఇంకా బలమైనది వేస్తే, ఇప్పటిదాకా తెగని వెంట్రుక తెగే ప్రమాదం ఉంది. తడి వెంట్రుక సాగదీసి చూసి అప్పుడు చెప్పమని అడిగాను. ఆవిడ చూసి, "ఇంకో మూడు నెలలు ఆగుదాం" అన్నారు. సమీక్ష చివర ఆ మాట కూడా చేర్చి, అడగ్గానే పరీక్షించి నిజం చెప్పినందుకు అంతకు ముందు ఇచ్చిన రెండు నక్షత్రాలను మూడు చేశాను.